గాదె వేరు, విస్తరి వేరు

రాజమండ్రిలో మా పిన్ని ఇంటి దగ్గరే చీరల వ్యాపారం చేస్తుంది. ఆర్డరు రాగానే కొరియర్ వెబ్‌సైట్లో కొనేవాళ్ల చిరునామా తనే నింపుతుంది. సగం నింపాక డోర్ నంబరు కోసం వాట్సాప్‌లోకి వెళ్లి వచ్చేసరికి ఆ పేజీ మళ్లీ మొదటినుంచి తెరుచుకునేది, నింపినదంతా పోయేది. దుకాణంలో అడిగితే మెమరీ కార్డు వేయించుకోమన్నారట. వేయించింది. "ఒరే నాన్నా, కార్డు వేసినా అంతేరా" అని నాకు ఫోన్ చేసింది.

పిన్ని ఫోన్ డబ్బా మీద 4GB+64GB అని ఉంది. మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజీ. రెండింటినీ జీబీల్లోనే కొలుస్తారు, రెండింటినీ మెమరీ అనే పిలుస్తారు. చిక్కంతా అక్కడే.

స్టోరేజీ ఇంట్లో గాదె లాంటిది. ఫొటోలు, వీడియోలు, యాప్‌లు, ఫోన్‌ను నడిపే ఆండ్రాయిడ్, అన్నీ అందులోనే ఉంటాయి. ఫోన్ ఆపేసినా చెక్కు చెదరవు. ర్యామ్ భోజనానికి వేసిన విస్తరి. యాప్ తెరవగానే దానికి కావలసినవి గాదెలోంచి విస్తరిలోకి వస్తాయి, పనంతా అక్కడే జరుగుతుంది. ఫోన్ ఆపితే విస్తరి ఎత్తేసినట్టే, అందులో ఏమీ మిగలదు. గాదె ఎంత పెద్దదైనా విస్తరి పెరగదు. అందుకే పిన్నికి కార్డు అక్కరకు రాలేదు.

4 జీబీ విస్తరిలో సగం దాకా ఆండ్రాయిడే ఆక్రమిస్తుంది. మిగిలినదాంట్లో వాట్సాప్, బ్రౌజర్, కెమెరా సర్దుకోవాలి. చోటు చాలనప్పుడు ఆండ్రాయిడ్ మనం కాసేపుగా చూడని యాప్‌ను చెప్పకుండా మూసేస్తుంది. తిరిగి వెళ్తే అది మొదటినుంచి మొదలవుతుంది. ఓటీపీ చూసి వచ్చేలోపు బ్యాంకు యాప్ మళ్లీ లాగిన్ అడగడానికి చాలాసార్లు ఇదే కారణం. స్టోరేజీ చాలకపోతే తీరు వేరు. ఫొటో తీయబోతే స్థలం లేదంటుంది, యాప్ అప్‌డేట్ కాదు. స్టోరేజీ నిండా నిండితే ఫోన్ మందగిస్తుంది కూడా. అందులోని ఫ్లాష్ చిప్‌లో పాతది చెరిపాకే కొత్తది రాయడం కుదురుతుంది, అందుకు కొంత ఖాళీ కావాలి.

పిన్ని ఫోన్లో ముందు స్టోరేజీ చూశాను. 20 జీబీ ఖాళీగా ఉంది. తర్వాత Settings లో About phone తెరిచి, Build number మీద 7 సార్లు తట్టాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో అలా తడితే Developer options తెరుచుకుంటుంది. అందులో Memory దగ్గర చూస్తే ర్యామ్ దాదాపు నిండిపోయి ఉంది. బ్యాటరీ ఆదా కోసం కూడా కొన్ని ఫోన్లు యాప్‌లను మూసేస్తాయి కనుక ఆ సెట్టింగు ఆపి మరోసారి ప్రయత్నించాం. అయినా ఫారం చెరిగిపోయింది. లోటు ర్యామ్‌దేనని తేలిపోయింది.

కొత్త ఫోన్ కొనబోతే దుకాణంలో 4+4 అని, అంటే 8 జీబీ ర్యామ్ అని చూపించారు. రెండో 4 వర్చువల్ ర్యామ్. స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్ లాగా వాడటమన్నమాట. అక్కడినుంచి ఒక ముక్క సమాచారం తీయడానికి అసలు ర్యామ్ కంటే వందల రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. పక్కన పెట్టిన యాప్‌ను కాసేపు దాచిపెట్టడానికి అది కొంత పనికొస్తుంది తప్ప అసలు ర్యామ్‌కు సాటి రాదు. కొనేటప్పుడు ఆ కూడికను పట్టించుకోకుండా మొదటి అంకెనే లెక్కలోకి తీసుకోండి.

స్టోరేజీ లెక్క సులువు. 128 జీబీలో ఆండ్రాయిడ్, ఫోన్‌తో వచ్చే యాప్‌లు పోగా మనకు మిగిలేది సుమారు 100 జీబీ. మామూలు 1080పి వీడియో నిమిషానికి 100 నుంచి 130 ఎంబీ తింటుంది. అంటే ఆ 100 జీబీలో సుమారు పదమూడు నుంచి పదహారు గంటల వీడియో పడుతుంది. చీరల వీడియోలు పంపాక చెరిపేసే పిన్నికి అది ధారాళం.

అదే ధరకు 6+256, 8+128 దొరికితే నేను రెండోదే తీసుకుంటాను. స్టోరేజీ చాలకపోతే ఫొటోలు కంప్యూటర్లోకి మార్చుకోవచ్చు, కార్డు పెట్టే చోటుంటే వేసుకోవచ్చు. ర్యామ్ చిప్‌ను మాత్రం లోపల అతికించేస్తారు, కొన్నాక పెంచుకునే దారి లేదు. ఐఫోన్ కొనేవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. ఆపిల్ డబ్బా మీద ర్యామ్ వేయదు, కార్డు పెట్టే చోటూ ఇవ్వదు. అందుకే అక్కడ స్టోరేజీనే ముందుచూపుతో ఎంచుకోవాలి.

పిన్ని 8+128 తీసుకుంది. పాత ఫోన్లోని కార్డు కొత్తదాంట్లో పెట్టి, చీరల ఫొటోలన్నీ దాంట్లోకి మార్చాం. ఇప్పుడు డోర్ నంబరు చూసి వెనక్కి వచ్చినా, ఫారం ఎక్కడ ఆపిందో అక్కడే ఉంటోంది.