ముప్పై రోజులు దాటిన బిల్లు

ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ 48,000 రూపాయల బిల్లు పంపిందనుకుందాం. గడువు జూన్ 10. ఈరోజు జూలై 10, డబ్బు రాలేదు. ఉత్తరం రాసే ముందు బ్యాంకు ఖాతా ఒకసారి చూసుకోవాలి. టీడీఎస్ మినహాయించుకుని వేస్తే మొత్తం తేడాగా ఉంటుంది, మన కంట పడకపోవచ్చు. చెల్లించినవారినే అడగడం కన్నా ఇబ్బంది మరొకటి లేదు.

తర్వాత ఇలా రాయొచ్చు:

"నమస్కారం సార్. మే నెల బ్రోషర్ల బిల్లు నెం. 112, రూ. 48,000, జూన్ 10న చెల్లించాల్సింది ఇంకా అందలేదు. కాపీ మళ్లీ జతచేస్తున్నాను. బిల్లులో ఏదైనా సవరించాల్సి ఉంటే చెప్పండి, ఈరోజే మార్చి పంపుతాను. లేకపోతే జూలై 18లోగా జమ చేయించగలరా? ఏ తేదీకి వీలవుతుందో ఒక్క మాట తెలియజేయండి."

ఇందులో అసలు పని చేసేది తేదీ. "వీలైనంత త్వరగా" అంటే ఎవరికీ తొందర ఉండదు. సవరణ గురించి అడగడం మర్యాద కోసమే కాదు. ఆర్డరు నంబరు లేదనో, జీఎస్టీ నంబరు తప్పనో అకౌంట్స్ విభాగంలో బిల్లు ఆగిపోయి, ఆ సంగతి మనతో మాట్లాడే మేనేజరుకు తెలియకపోవచ్చు. అందుకే అకౌంట్స్ వారికీ ఒక కాపీ పెట్టాలి.

ఉద్యమ్‌లో నమోదైన చిన్న ఉత్పత్తి, సేవా సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. మొదటి ఉత్తరంలో దాన్ని ఎత్తకపోవడమే మంచిదని నా అభిప్రాయం. జూలై 18 కూడా దాటితే ముందు ఫోన్ చేయాలి.