కొల్లేరు మారిందని చెప్పే బొమ్మ ఏది?

సుప్రీంకోర్టు ఆదేశంతో 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పగలగొట్టించింది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తును హద్దుగా తీసుకుని, దానికి లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది 1999లో. ఆ హద్దు లోపలి గట్లే కూలాయి. బయట ఉన్న చెరువుల జోలికి ఎవరూ వెళ్లలేదు.

ఇంత పెద్ద పని ఆకాశం నుంచి కనబడకుండా ఉండదు. అమెరికా వారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పదహారు రోజులకోసారి అదే దారిన వెళ్తూ తీసిన చిత్రాలను ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. చిక్కల్లా, వాటిలో ఏ రెండు తేదీలను పక్కపక్కన పెడితే గట్లు కూలిన సంగతి అందరికంటే స్పష్టంగా తెలుస్తుంది అన్నది. బాగా తేడాగా కనబడే జతను తీసుకుంటే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. కొల్లేరు దగ్గర ఆ లెక్క తప్పుతుంది.

ఎందుకంటే కొల్లేరు ఏడాదికి రెండు మూడు వేషాలు మారుస్తుంది. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లతో నిండుతుంది. ఆ నీరంతా ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి కాబట్టి దిగడానికి వారాలు పడుతుంది. వేసవికి చాలా భాగం ఎండి బీటలు వారుతుంది. చేపలు పట్టిన చెరువులను రైతులు ఎండగడితే అక్కడ తెల్లని బురద నేల తేలుతుంది. అందువల్ల అక్టోబరు చిత్రం పక్కన మే చిత్రం పెడితే ఏ సంవత్సరమైనా సరే పూర్తిగా వేరే ఊరిలా కనబడుతుంది. ఆ తేడాకూ గట్లు కూల్చడానికీ సంబంధం లేదు.

ఇంకో తిరకాసు గుర్రపుడెక్కది. పచ్చని ఆకు మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, నీరు దాన్ని మింగేస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో ఆ కాంతిని ఎరుపుగా చూపించే ఆనవాయితీ ఉంది కాబట్టి పచ్చదనం ఎర్రగా, నీరు నల్లగా లేదా ముదురు నీలంగా వస్తుంది. కొల్లేరులో గుర్రపుడెక్క కప్పేసిన అసలు సరస్సు ఎర్రగా పడుతుంది. గట్లు కట్టి శుభ్రంగా ఉంచిన చేపల చెరువు నల్లగా పడుతుంది. కాబట్టి నల్లని చుక్కలు మాత్రం లెక్కపెట్టేవారికి చెరువులు పెరిగిన ఏడాది సరస్సు పెరిగినట్టు, గట్లు తెగిన ఏడాది సరస్సు తగ్గినట్టు లెక్క తేలవచ్చు. వెతకాల్సింది నీటి రంగును కాదు, గట్ల గళ్లను. చెరువులు ఉన్నచోట చిత్రం గళ్ల లుంగీలా ఉంటుంది. గట్లు పోయినచోట ఆ గీతలు చెదిరి, నీరూ డెక్కా కలిసిపోయిన మచ్చలా మారుతుంది.

ఇప్పుడు ఒక పోటీ పెడదాం. 2005 ఫిబ్రవరి చిత్రాన్ని మొదటి బొమ్మగా తీసుకుందాం. దాని పక్కన వరుసగా మూడు బొమ్మలు పెడదాం: 2006 అక్టోబరు, 2007 ఫిబ్రవరి, 2007 మే. మూడు జతలు. ప్రతి జతలోనూ హద్దు లోపల, ప్రతి వంద చుక్కల్లో ఎన్ని మారాయో లెక్కించాలి. ఎంత తేడా ఉంటే 'మారింది' అనాలో ఆ గీత బొమ్మలు చూడకముందే గీసుకోవాలి. చూశాక గీస్తే మనకు నచ్చిన జతే గెలుస్తుంది.

ఇక అసలు కిటుకు. అదే లెక్కను హద్దు బయట, కైకలూరు వైపు ఎవరూ ముట్టుకోని చేపల చెరువుల మీద కూడా వెయ్యాలి. అక్కడా అదే వాన, అదే ఎండ, అదే చేపల పట్టుబడి. కూల్చివేత ఒక్కటే లేదు. కనుక బయట కనబడిన మార్పంతా రుతువుది. లోపలి మార్పు బయటి మార్పుకు ఎన్ని రెట్లుందో, ఆ జత అంత స్పష్టమైనదన్నమాట.

పద్ధతి తెలియడానికి కొన్ని ఊహా అంకెలు వేసుకుందాం. అక్టోబరు జతలో లోపల వందకు 70 చుక్కలు, బయట 55 మారాయనుకోండి. మే జతలో లోపల 60, బయట 50. ఫిబ్రవరి జతలో లోపల 35, బయట 5. మార్పు మొత్తం చూస్తే అక్టోబరుది మొదటి స్థానం, ఫిబ్రవరిది చివరిది. రెట్లు చూస్తే తారుమారవుతుంది. ఫిబ్రవరి జతకు 7 రెట్లు వస్తే, అక్టోబరుకు 1.3, మే నెలకు 1.2 వస్తాయి. ఫిబ్రవరి మొదటి స్థానానికి వచ్చింది. మిగతా రెండింటిలో ఏది రెండోది అని తేల్చకూడదు. అంత చిన్న తేడా, గీతను కాస్త జరిపితే తిరగబడిపోతుంది. వాటిని సమానంగా ఉంచడమే నిజాయతీ.

ఒకే నెల చిత్రాలు గెలవడం యాదృచ్ఛికం కాదు. ఒకే నెలలో సూర్యుడి ఎత్తు, నీడల పొడవు, పైరు ఎదుగుదల దాదాపు ఒకేలా ఉంటాయి. అయినా ఆ ఏడాది వాన ఎక్కువో తక్కువో అయితే ఫిబ్రవరి కూడా మోసం చేస్తుంది. బయటి చెరువుల లెక్క పట్టుకునేది దాన్నే.

అంకెలు వచ్చాక కంటితో చూడటం మానకూడదు. రెండు చిత్రాలను తెరమీద ఒకే చోట పెట్టి ఒకదాని వెంట ఒకటి మారుస్తూ చూడాలి. జాతీయ రహదారి, రైలు పట్టాలు కదలకుండా నిలబడి, గట్ల గళ్లు మాత్రం మాయమైతే మార్పు నిజమే. రహదారి కూడా అటూ ఇటూ ఊగితే చిత్రాలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోలేదు. అప్పుడు ప్రతి గట్టుకూ ఒక పక్క తెల్లని అంచు, రెండో పక్క నల్లని అంచు వస్తుంది. గట్టు చెక్కుచెదరకపోయినా లెక్కలో మారినట్టు పడుతుంది. ఇంకో గుర్తు ఏటవాలు చారలు. ల్యాండ్‌శాట్-7లో 2003 మే నెలాఖరున ఒక భాగం చెడిపోయింది. అప్పటినుంచి దాని ప్రతి చిత్రంలోనూ అయిదో వంతుకు పైగా ఖాళీ చారలే. ఆ చారలను మార్పుగా లెక్కవేస్తే పోటీ మొత్తం పాడవుతుంది. అందుకే ఈ ఏళ్లకు ల్యాండ్‌శాట్-5 చిత్రం దొరికితే దాన్నే తీసుకోవాలి.

ఈ బొమ్మలకు ఒక హద్దుంది. ల్యాండ్‌శాట్‌లో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం, అంటే సుమారు 22 సెంట్ల నేల. గట్టు వెడల్పు అందులో కొంతే. పక్కనున్న నీటితో కలిసి ఒక మధ్యరకపు రంగుగా వస్తుంది. మొత్తం గట్టు పోతే తెలుస్తుంది. నీరు పారడానికి కొట్టిన నాలుగు మీటర్ల గండి తెలియదు. గండి కొట్టి వదిలేసిన గట్టును వారంలో పూడ్చుకోవచ్చు, కూలిన గట్టును అంత తేలిగ్గా లేపలేరు. 2015 నుంచి ఐరోపా వారి సెంటినెల్-2 చుక్కను 10 మీటర్లకు, అంటే రెండున్నర సెంట్లకు తగ్గించింది. కొల్లేరులో తర్వాతి ఏళ్లలో మళ్లీ లేచిన గట్లను వెతకాలంటే ఆ చిత్రాలు మేలు. అక్కడ కూడా ఫిబ్రవరికి ఫిబ్రవరినే జత చేసి, హద్దు లోపలి చెరువు పక్కన హద్దు బయటి చెరువును పెట్టి చూడాలి.