ఫ్రిజ్‌లో ఐస్ ఆగిందా? ముందు ఫిల్టర్ చూడండి

తలుపులోని డిస్పెన్సర్ కింద గ్లాసు పెడితే నీళ్లు సన్నగా కారతాయి. కొన్నాళ్లకు ఐస్ బాక్స్ కూడా ఖాళీగా కనిపిస్తుంది. ఇవి రెండు వేర్వేరు లోపాలని అనుకుంటాం గానీ, చాలాసార్లు మొదటిదే రెండోదానికి కారణం. నీటి పైపు కలిపిన ఫ్రిజ్‌ల సంగతి ఇది. చేత్తో నీళ్లు నింపే ట్యాంకు ఉన్నవాటికి వర్తించదు.

పైపు నుంచి వచ్చే నీళ్లు ముందు ఫిల్టర్ దాటాలి. ఆ తర్వాత ఒక దారి డిస్పెన్సర్‌కూ, మరొకటి ఫ్రీజర్‌లో ఐస్ తయారయ్యే ట్రేకూ వెళ్తుంది. ట్రేలోకి నీళ్లు ఒక సన్నటి గొట్టం గుండా పడతాయి. జోరుగా పడితే గొట్టంలో ఏమీ మిగలదు. ఫిల్టర్ మట్టితో పూడుకుపోతే మాత్రం నీళ్లు బొట్లుబొట్లుగా కారి, గొట్టం మూతి దగ్గరే గడ్డకడతాయి. ఆ గడ్డే ఐస్‌ను ఆపేస్తుంది. దాన్ని కరిగించినా, పాత ఫిల్టర్ అలాగే ఉంటే మళ్లీ కడుతుంది.

లోపం ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. డిస్పెన్సర్‌ను 10 సెకన్లు నొక్కి పట్టండి. ఒక టీ గ్లాసు కూడా నిండకపోతే ధార తగ్గినట్టే. ఫిల్టర్ తీసి, ఆ చోట బైపాస్ ప్లగ్ పెట్టి మళ్లీ చూడండి. ధార పుంజుకుంటే తప్పు ఫిల్టర్‌దే. సాధారణంగా దాన్ని 6 నెలలకోసారి మార్చాలి. బోరు నీళ్లున్న ఇళ్లలో అంతకంటే ముందే పూడుకుపోవచ్చు.

ఫిల్టర్ తీసినా ధార మారకపోతే నీటి ఒత్తిడి చూడాలి. చాలా ఫ్రిజ్‌లకు కనీసం 20 పీఎస్‌ఐ కావాలి. పంపు లేకుండా అంత ఒత్తిడి రావాలంటే ట్యాంకు సుమారు 14 మీటర్ల ఎత్తులో ఉండాలి. అంటే నాలుగైదు అంతస్తులు! అపార్ట్‌మెంట్ పై అంతస్తులోని ఇంటికి ఆ ఒత్తిడి అందదు. అక్కడ బూస్టర్ పంపే మార్గం.

ఐస్ బాగానే వస్తూ డిస్పెన్సర్ నుంచి చుక్క కూడా రాకపోతే, తలుపులోని పైపు గడ్డకట్టిందని అనుమానించాలి. ఫ్రీజర్‌ను మరీ చల్లగా పెట్టిన ఇళ్లలో ఇది ఎక్కువ. మైనస్ 18 డిగ్రీలు చాలు. సామాను తీసి, ప్లగ్ పీకి, తలుపు తెరిచి కొన్ని గంటలు వదిలేస్తే పైపు కరుగుతుంది. కత్తితో పొడిస్తే మాత్రం పైపే చిల్లుపడుతుంది.

కొత్త ఫిల్టర్ పెట్టాక 10 లీటర్ల దాకా నీళ్లు వదిలేయండి. ఐస్ కోసం ఒక రోజు ఆగి, మొదటి విడత పారబోయండి. అప్పటికీ ఐస్ రాకపోతేనే మెకానిక్‌ను పిలవండి. అతను వచ్చినప్పుడు ఏమేం చేసి చూశారో చెప్పండి. అనవసరంగా ఐస్ మేకర్ మొత్తం మార్చే ఖర్చు తప్పుతుంది.