మామా, మంచిగ చేరుకున్నవా?

‘శ్రమకోర్చి దూరప్రాంతాల నుంచి విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించిన బంధుమిత్రులందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు.’ పెళ్లయిన మర్నాడు పొద్దున్నే చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెళ్లికూతురి తండ్రి పెట్టిన సందేశం ఇది. పెళ్లి సిరిసిల్లలో. పిల్ల మేనమామ ఉండేది భివండీలో. సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మరమగ్గం మీద పని చేసినంతకే కూలి. ఆ కూలి వదులుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, మేనకోడల్ని చేయిపట్టి మండపానికి తెచ్చాడాయన. సందేశం అందేటప్పటికి తిరుగు బస్సులోనే ఉన్నాడు. చూసి ఒక దండం బొమ్మ పెట్టాడు.

ఆ సందేశంలో తప్పేమీ లేదు. కానీ అది శుభలేఖ భాష. మనలో చుట్టాలకు ‘థ్యాంక్స్’ చెబితే ‘మనలో మనకు అదేంటి’ అంటారు. ఆ మాట వాళ్లను పరాయివాళ్లను చేసినట్టుంటుంది. ‘క్షేమంగా చేరారా?’ అన్న ప్రశ్నే మన ఇళ్లలో కృతజ్ఞత. అందుకే దూరం నుంచి వచ్చినవాళ్లకు వాళ్లు ఇల్లు చేరాక, విడిగా రాయాలి. రోజూ ‘నువ్వు’ అనే మనిషిని ఆ ఒక్కరోజు ‘మీరు’ చేయకూడదు.

రెండు రోజులయ్యాక పెళ్లికూతురే రాసింది: ‘మామా, మంచిగ చేరుకున్నవా? రాత్రంతా బస్సుల కూసోని వచ్చినవు, నిద్ర లేకుండనే నన్ను మండపానికి తీస్కపోయినవు. నువ్వు రాకుంటే నాకు పెళ్లి పెళ్లిలెక్క అనిపించకపోతుండె. నీ పక్కన కూసోని ఒక్క ముద్ద తినలేకపోయిన, అదొక్కటే బాధ. అత్తమ్మ కాళ్ల నొప్పులు తగ్గినయా? దసరా తర్వాత మేమిద్దరం మీ ఇంటికి వస్తం.’

ఇందులో ధన్యవాదాలన్న మాటే లేదు. ఆయన పడ్డ ప్రయాణం ఉంది, పెళ్లిలో ఆయన చేసిన పని ఉంది, పందిట్లో జరిగిన లోటుకు నొచ్చుకోవడం ఉంది. ఇంకొకరికి పంపాలంటే పనికిరాదు, దాని విలువంతా అందులోనే ఉంది. చదివించిన కట్నం ఊసు లేకపోవడం కూడా మంచిదే. దాన్ని తలిస్తే ప్రయాణం చిన్నబోతుంది. వస్తామన్న మాట మాత్రం నిజంగా వెళ్లేటట్టయితేనే రాయాలి.

చదువు రాని పెద్దవాళ్లకు ఫోన్ చేయాలి, అదీ కొత్త దంపతులిద్దరూ మాట్లాడాలి. డాలస్ నుంచి వచ్చినవాళ్లకయితే వేళ చూసుకోవాలి. మనకు మధ్యాహ్నమైతే వాళ్లకు అర్ధరాత్రి దాటి ఉంటుంది.

మామ బదులు రాయలేదు. సాయంత్రం షిఫ్టు దిగాక ఫోన్ చేశాడు, అత్తమ్మతో కూడా మాట్లాడించాడు. మీ ఇంట్లో ఈమధ్య పెళ్లయి ఉంటే, అందరికన్నా దూరం నుంచి వచ్చిన ఆ ఒక్కరికి ఈరోజే రాయండి.