రిజిస్టరు కాని లీజు పత్రం: గడువు చెల్లదు, అద్దె చెల్లుతుంది

అయిదేళ్ల లీజు పత్రం రిజిస్టరు కాకపోతే భవనంలో ఉన్న వ్యక్తి ఆక్రమణదారు అవుతాడా? కాడని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. కేరళలో ఒక భవనాన్ని 1974లో నెలకు రూ.140 అద్దెపై అయిదేళ్లకు ఇస్తూ రాసుకున్న పత్రం రిజిస్టరు కాలేదు. ఏడాదికి మించిన లీజుకు ఆస్తి బదలాయింపు చట్టం 107వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కనుక అయిదేళ్ల గడువు చెల్లలేదు. అయితే భవనాన్ని అప్పగించి అద్దె పుచ్చుకున్నందున నెలవారీ అద్దె ఒప్పందం ఏర్పడిందని కోర్టు నిర్ణయించింది. ఆ అద్దెదారుకు కేరళ అద్దె నియంత్రణ చట్టం రక్షణగా నిలిచింది. అటువంటి చట్టం వర్తించని దుకాణానికి లేదా నివాసానికి ఆ భరోసా ఉండదు. 106వ సెక్షను కింద 15 రోజుల నోటీసుతో యజమాని ఆ నెలవారీ ఒప్పందాన్ని ముగించవచ్చు. రిజిస్ట్రేషన్ రుసుము మిగుల్చుకున్న అద్దెదారు పోగొట్టుకునేది అయిదేళ్ల గడువునే.