ముప్ఫైకి ఏడు

ఇంటర్ మొదటి సంవత్సరం, తొలి కెమిస్ట్రీ పరీక్ష. మా అక్క కూతురికి ముప్ఫైకి ఏడొచ్చాయి. పదో తరగతిలో క్లాసు ఫస్టు. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పుస్తకం తెరిస్తే పేజీలన్నీ పసుపే, హైలైటర్ గీతలు. నాలుగుసార్లు చదివిందట. "అన్నీ వచ్చినట్టే అనిపించింది పిన్నీ" అంది. చిక్కంతా ఆ 'అనిపించడం'లోనే ఉంది. కంటికి అలవాటైన వాక్యాన్ని నేర్చుకున్నదిగా పొరబడతాం.

జవాబుపత్రం ముందేసుకున్నాం. 500 మిల్లీలీటర్ల ద్రావణంలో 4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ఉంటే మొలారిటీ ఎంత? నాలుగుని 40తో భాగించి 0.1 మోల్ అని సరిగ్గానే రాసింది. దాన్ని 0.5 లీటరుతో భాగించాల్సింది, 500తో భాగించింది. 0.2 రావాల్సిన చోట 0.0002 వచ్చింది. సూత్రం కంఠతా వచ్చు, చేత్తో చేసి చూసుకోలేదంతే.

అప్పట్నుంచి ఒకసారి చదవడం, పుస్తకం మూసి గుర్తున్నది తెల్లకాగితం మీద రాయడం. మర్నాడు, మూడోరోజు, వారానికి మళ్ళీ. మొదట్లో సగం కూడా గుర్తొచ్చేది కాదు. పాత పద్ధతే నయమని ఏడ్చింది. రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలోనూ ఇదే తేలింది. అయిదు నిమిషాలకు పరీక్షిస్తే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారానికి మాత్రం గుర్తుచేసుకుని రాసినవాళ్ళు ముందుకొచ్చారు.

మధ్యలో పెళ్ళికెళ్ళి నాలుగురోజులు మానేసింది కూడా. రెండో పరీక్షలో పదహారు. మొలారిటీ లెక్క పక్కన, మార్జిన్లో, చిన్నగా రాసుకుంది: "మి.లీ.? లీటరు చెయ్."