గడువులోపల కట్టినా వడ్డీ ఎందుకు?

అమెరికాలో క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు మీద రెండు మొత్తాలు పక్కపక్కన కనిపిస్తాయి: స్టేట్‌మెంట్ బ్యాలెన్స్, మినిమమ్ డ్యూ. రెండింటికీ గడువు తేదీ ఒకటే అయినా, వాటి పనులు వేరు. మినిమమ్ డ్యూ కడితే ఆలస్య రుసుము పడదు, బాకీదారు గడువు తప్పాడన్న మాట క్రెడిట్ రిపోర్టుకు ఎక్కదు. అంతవరకే. వడ్డీని ఆపగలిగేది స్టేట్‌మెంట్ బ్యాలెన్స్ మొత్తాన్ని కట్టడం ఒక్కటే. కొనుగోళ్ళపై వడ్డీలేని గడువు, అంటే గ్రేస్ పీరియడ్, ఆ షరతు మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వార్షిక వడ్డీ 24 శాతం. మార్చి 31న ముగిసిన స్టేట్‌మెంటులో బాకీ 1,200 డాలర్లు, మినిమమ్ డ్యూ 40, గడువు ఏప్రిల్ 25. అంతకు ముందు నెల బాకీ పూర్తిగా తీరింది. ఈసారి కార్డుదారు గడువులోపల 900 కట్టి, 300 మిగిల్చాడు. ఈలోగా ఏప్రిల్ 10న మరో 500 డాలర్ల వస్తువు కొన్నాడు.

2009 నాటి కార్డ్ చట్టం ప్రకారం, గడువులోపల కట్టిన ఆ 900 మీద బ్యాంకు వడ్డీ వేయకూడదు. ముగిసిపోయిన మార్చి నెలకు వెనక్కి వెళ్ళి లెక్క కట్టకూడదు. కాని మిగిలిన 300 మీద ఏప్రిల్ 1 నుంచి 30 రోజులకు దాదాపు 6 డాలర్లు పడుతుంది. గ్రేస్ పీరియడ్ పోయింది కనుక కొత్త 500 మీద కూడా కొన్న రోజునుంచే వడ్డీ నడుస్తుంది: 21 రోజులకు దాదాపు 7. ఆ కొనుగోలుకు ఇంకా బిల్లే రాలేదు, వడ్డీ మాత్రం మొదలయింది.

ఏప్రిల్ 30 స్టేట్‌మెంటులో బాకీ 813 అవుతుంది. కార్డుదారు దానిని మే 25న పూర్తిగా కట్టేశాడు, మేలో ఏమీ కొనలేదు. అయినా మే నెలాఖరు స్టేట్‌మెంటులో మరో 13 డాలర్ల వడ్డీ కనిపిస్తుంది. ఇది బ్యాంకు పొరపాటు కాదు. స్టేట్‌మెంటు ముద్రించిన రోజుకూ డబ్బు చేరిన రోజుకూ మధ్య 24 రోజులపాటు ఆ 813 బాకీగానే ఉంది. రోజువారీ వడ్డీ ఆ రోజులకు పడింది. దీనినే ట్రెయిలింగ్ ఇంటరెస్ట్ అంటారు. పూర్తిగా తీర్చేశామన్న నమ్మకంతో ఆ చిన్న మొత్తాన్ని చూడకుండా వదిలేస్తే, దానికి ఆలస్య రుసుము తోడవుతుంది.

పోయిన గ్రేస్ పీరియడ్ ఒక నెల పూర్తి చెల్లింపుతో తిరిగి వస్తుందా, వరుసగా రెండు నెలలు కట్టాలా అన్నది కార్డు ఒప్పందంలో ఉంటుంది. అంతవరకు ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోవడం మంచిది. స్టేట్‌మెంటు వచ్చేదాకా ఆగకుండా, ఫలానా రోజుకు బాకీ మొత్తం తీరాలంటే ఎంత కట్టాలో బ్యాంకును అడిగి, అదే రోజున అంతా కడితే వడ్డీ తోక అక్కడితో తెగుతుంది.